గడువు దాటిన ఆదేశిక సూత్రం హక్కు ఎలా అయింది?

రాజ్యాంగం నాలుగో భాగంలోని ఆదేశిక సూత్రాల్లో గడువు పెట్టి మరీ రాసింది ఒక్కటే ఉంది. అది 45వ అధికరణ. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదేళ్లలోగా, పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచితంగా, నిర్బంధంగా చదువు అందేలా రాజ్యం ప్రయత్నించాలని అందులో ఉండేది. ఆ లెక్కన 1960 జనవరికల్లా పని పూర్తి కావాలి. కాలేదు. 1970లోనూ కాలేదు, 1990లోనూ కాలేదు.

ఇదే మాట మూడో భాగంలో, అంటే ప్రాథమిక హక్కుల్లో ఉండి ఉంటే ఏ తండ్రయినా నేరుగా కోర్టుకు వెళ్లేవాడు. నాలుగో భాగంలో ఉంది కాబట్టి 37వ అధికరణ అడ్డుపడింది. ఆ అధికరణ ఒకే వాక్యంలో రెండు మాటలు చెబుతుంది. ఈ సూత్రాలను ఏ కోర్టు ద్వారానూ అమలు చేయించుకోవడానికి వీల్లేదు. అయినా ఇవి దేశ పాలనకు మౌలికమైనవి, చట్టాలు చేసేటప్పుడు వీటిని పాటించడం రాజ్యం విధి. మొదటి మాట తలుపు మూస్తే రెండోది కిటికీ తెరిచి పెడుతుంది. డెబ్బై ఏళ్లుగా సుప్రీంకోర్టు చేస్తున్నది ఆ కిటికీ ఎంత పెద్దదో కొలవడమే. ఆ కొలత ఎలా మారుతూ వచ్చిందో 45వ అధికరణ కథలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. అయితే ఆ కథ అర్థం కావాలంటే ముందు మద్రాసు వెళ్లాలి.

ఒకే న్యాయమూర్తి, ఏడేళ్ల తేడాలో రెండు మాటలు

1950 నాటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నాలుగు, వాటిలో విశాఖపట్నం, గుంటూరు కాలేజీలు కూడా ఉన్నాయి. అన్నీ కలిపి సీట్లు 330. వాటిని ‘కమ్యూనల్ జీవో’ అనే పాత ఉత్తర్వు ప్రకారం పంచేవారు. ప్రతి పద్నాలుగు సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు ఆరు, వెనుకబడిన హిందువులకు రెండు, బ్రాహ్మణులకు రెండు, హరిజనులకు రెండు, ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులు కలిపి ఒకటి, ముస్లింలకు ఒకటి. చంపకం దొరైరాజన్ అనే బ్రాహ్మణ మహిళ దీన్ని సవాలు చేశారు. విచిత్రం ఏమిటంటే ఆమె సీటుకు దరఖాస్తే పెట్టలేదు. వాకబు చేస్తే తనకు రాదని తెలిసిందని చెప్పి నేరుగా కోర్టుకు వెళ్లారు.

ప్రభుత్వం 46వ అధికరణను చూపించింది. బలహీన వర్గాల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో కాపాడాలని అందులో ఉంది కదా, మేం చేస్తున్నది అదే కదా అని వాదించింది. ఎదుటి పక్షం 29(2)ను చూపించింది. ప్రభుత్వ విద్యాసంస్థల్లో కేవలం మతం, కులం వంటి కారణాలతో ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదన్నది ఆ హక్కు. 1951 ఏప్రిల్‌లో ఏడుగురు న్యాయమూర్తుల తరఫున జస్టిస్ ఎస్.ఆర్. దాస్ తీర్పు రాశారు. ప్రాథమిక హక్కులు పవిత్రమైనవి, ఆదేశిక సూత్రాలు వాటికి లోబడి, వాటికి అనుబంధంగా నడవాల్సిందే అన్నారు. జీవో చెల్లకుండా పోయింది. మూడు నెలలు తిరక్కుండానే పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణతో, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లను అనుమతించే 15(4)ను చేర్చి ఈ తీర్పుకు విరుగుడు కనిపెట్టింది. నేటి విద్యా రిజర్వేషన్లకు పునాది ఆ క్లాజే.

అదే దాస్ 1958లో ప్రధాన న్యాయమూర్తి హోదాలో కేరళ విద్యా బిల్లు మీద అభిప్రాయం చెప్పాల్సి వచ్చింది. ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వం తెచ్చిన ఆ బిల్లు ప్రైమరీ తరగతుల్లో ఫీజు వసూలు చేయకూడదంది. అంటే 45వ అధికరణను అమలు చేసే ప్రయత్నమే. మైనారిటీల యాజమాన్యాలు సొంత విద్యాసంస్థలు నడుపుకునే తమ 30వ అధికరణ హక్కుకు దెబ్బ అన్నాయి. రాష్ట్రపతి సలహా కోరారు. ఈసారి దాస్ గొంతు కొంచెం మారింది. హక్కుల పరిధి ఎంతో తేల్చేటప్పుడు కోర్టు ఆదేశిక సూత్రాలను పూర్తిగా పక్కన పెట్టేయకూడదనీ, రెండింటికీ పొంతన కుదిర్చి సాధ్యమైనంత వరకు రెండూ నిలిచేలా చూడాలనీ అన్నారు. చివరికి ఫలితం మాత్రం హక్కు వైపే మొగ్గింది. ఫీజు పోతే స్కూలు ఎలా నడుస్తుంది, ఆ లోటు భర్తీ చేయకుండా మైనారిటీ స్కూళ్ల మీద ఈ నిబంధన రుద్దితే వాటిని మూసేసినట్టే అని కోర్టు భావించింది. 45వ అధికరణ ప్రభుత్వానికి చెప్పిన పనే కానీ, మైనారిటీల జేబులోంచి చేయమని చెప్పింది కాదన్నది దాని సారం. ‘సమన్వయం’ అన్న మాట పాఠ్యపుస్తకాల్లో ఎంత హాయిగా వినిపించినా, మొదటిసారి గట్టిగా వాడినప్పుడే దాని వెనక ఖర్చెవరిదన్న ప్రశ్న ఉంది. ఆ ప్రశ్న ఇప్పటికీ తేలలేదు.

డాలు పని, కత్తి పని

ఆదేశిక సూత్రం కోర్టులో రెండు రకాలుగా పనిచేయగలదు. ఒకటి డాలులా. ప్రభుత్వం ఓ చట్టం చేసింది, దాని మీద హక్కుల పేరుతో కేసు పడింది, అప్పుడు ఆదేశిక సూత్రం ఆ చట్టానికి అండగా నిలబడి ఇది ప్రజాప్రయోజనం కోసమేనని చెబుతుంది. రెండోది కత్తిలా. ప్రభుత్వం ఏమీ చేయకుండా కూర్చుంటే చేయమని పౌరుడు దాన్ని పట్టుకుని కోర్టుకు వెళ్లడం. డాలుగా వాడుకోవడం మొదటినుంచీ సులువే. కత్తిగా వాడటానికే 37వ అధికరణ అడ్డు.

తెలుగువాళ్లకు బాగా గుర్తున్న ఉదాహరణ మద్యనిషేధం. మత్తు పానీయాలను నిషేధించేందుకు ప్రయత్నించాలని 47వ అధికరణ చెబుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా మీద తిరగబడినప్పుడు వాళ్ల చేతిలో ఈ అధికరణ ఉన్నా కోర్టులో పనికొచ్చేది కాదు. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చి, ఆ తర్వాత తయారీని కూడా నిషేధించినప్పుడు మద్యం కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. 1996లో మెక్‌డోవెల్ కేసులో చట్టమే నెగ్గింది. తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. మరుసటి సంవత్సరం ఇంకో ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. అప్పుడు 47వ అధికరణను చూపించి నిషేధం కొనసాగించమని ఆదేశం తెచ్చుకునే దారి ఎవరికీ లేదు. నిషేధం పెడితే కాపాడే అధికరణ, ఎత్తేస్తే మాత్రం నోరెత్తదు.

ఈ డాలును ఎంత పెద్దది చేయవచ్చు అన్నదే 1970ల పోరాటమంతా. 1971లో వచ్చిన 25వ సవరణ 31సి అధికరణను చేర్చింది. సమాజ వనరుల పంపిణీ, సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడకుండా చూడటం గురించి చెప్పే 39(బి), 39(సి)ల అమలుకు చేసిన చట్టాన్ని సమానత్వం, స్వేచ్ఛలు, ఆస్తికి సంబంధించిన 14, 19, 31 అధికరణల పేరుతో కొట్టేయరాదంది. ఈ చట్టం ఆ లక్ష్యం కోసమే అని ప్రభుత్వం ఒక్క మాట రాసుకుంటే దాన్నీ ప్రశ్నించరాదంది. 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది న్యాయమూర్తుల ధర్మాసనం మొదటి సగాన్ని ఉంచి, రెండో సగాన్ని తీసేసింది. లక్ష్యం నిజమైనదో కాదో చూసే అధికారం కోర్టుదే అయింది. ఎమర్జెన్సీలో 42వ సవరణ ఆ డాలును ఆదేశిక సూత్రాలన్నిటికీ విస్తరించింది. 1980లో మినర్వా మిల్స్ తీర్పు దాన్ని కొట్టేసింది. హక్కులు, ఆదేశిక సూత్రాలు రథానికి రెండు చక్రాల వంటివన్న మాట ఈ తీర్పుతోనే స్థిరపడింది. గమ్యం నాలుగో భాగం చెబుతుంది, ఆ గమ్యానికి వెళ్లే దారి మూడో భాగాన్ని తొక్కుకుంటూ పోకూడదు. బెంచిలో జస్టిస్ భగవతి ఒక్కరే 31సి విషయంలో ఒప్పుకోలేదు. పేదలకు పనికొచ్చే చట్టాలకు ఆ రక్షణ ఉండాల్సిందేనన్నారు.

42వ సవరణ 31సిలోని పాత మాటలు తీసేసి కొత్త మాటలు పెట్టింది. కోర్టు కొత్త మాటల్ని కొట్టేసింది. మరి పాతవి తిరిగొచ్చినట్టా, లేక మొత్తం పోయినట్టా? వినడానికి వ్యాకరణం ప్రశ్నలా ఉన్నా దీనికి జవాబు 2024 నవంబరు 5న గానీ రాలేదు. ముంబైలోని పాత అద్దె భవనాల స్వాధీనం మీద 1992 నుంచి నడుస్తున్న ప్రాపర్టీ ఓనర్స్ అసోసియేషన్ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, కేశవానంద నిలబెట్టిన మేరకు 31సి బతికే ఉందని తేల్చింది. అదే తీర్పులో మెజారిటీ మరో మాట అంది. ప్రతి ప్రైవేటు ఆస్తీ ‘సమాజపు భౌతిక వనరు’ కాదని. డాలు ఉంది, కానీ అది కప్పే చోటు తగ్గింది.

కత్తికి పిడి దొరికిన చోటు

కత్తి కథ వేరు. 1978లో మేనకా గాంధీ తీర్పు 21వ అధికరణలోని ‘జీవించే హక్కు’కు విశాలమైన అర్థం ఇచ్చాక కోర్టుకు కొత్త దారి దొరికింది. ఆదేశిక సూత్రాన్ని నేరుగా అమలు చేయలేకపోతే, దాన్ని ఏదో ఒక ప్రాథమిక హక్కులోని అర్థంగా చదవొచ్చు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో 39ఏలోని ఉచిత న్యాయసహాయం ఇలాగే 21లోకి వచ్చింది. 1982లో రణధీర్ సింగ్ అనే ఢిల్లీ పోలీసు డ్రైవర్ కేసులో 39(డి)లోని సమాన పనికి సమాన వేతనం 14, 16 అధికరణల్లోకి వచ్చింది. రెండు చోట్లా ఆదేశిక సూత్రం ఒంటరిగా రాలేదు, హక్కు చెయ్యి పట్టుకుని వచ్చింది.

చదువు విషయంలో ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో 1992లో తెలిసింది. కర్ణాటకలో ప్రైవేటు మెడికల్ సీటుకు ప్రభుత్వ కోటాలో ఏడాదికి 2,000 రూపాయల ఫీజుంటే, కర్ణాటక విద్యార్థులకు 25,000, బయటి రాష్ట్రాల వాళ్లకు 60,000. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మోహిని జైన్ అంత కట్టలేక కోర్టుకు వెళ్లారు. ఇద్దరు న్యాయమూర్తుల బెంచి క్యాపిటేషన్ ఫీజు చెల్లదని చెప్పి అక్కడితో ఆగకుండా, ఏ స్థాయి చదువైనా పౌరుడి ప్రాథమిక హక్కేనని ప్రకటించింది. అంటే ఎంబీబీఎస్ కూడా. ఆ మాట అమలు చేయాలంటే దేశంలో ఏ ప్రభుత్వ ఖజానా సరిపోదు.

ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల ప్రైవేటు ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీలు దీని మీద ఎదురు కేసులు వేశాయి. అవన్నీ కలిసి ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. 1993 ఫిబ్రవరి 4న ఐదుగురు న్యాయమూర్తుల బెంచి తీర్పు చెప్పింది. ప్రధానమైన తీర్పు రాసింది జస్టిస్ జీవన్ రెడ్డే, మూడేళ్ల తర్వాత మెక్‌డోవెల్ తీర్పు రాయబోయే న్యాయమూర్తి. బడికి వెళ్లని పిల్లల తరఫున వేసిన కేసు ఇందులో ఒక్కటీ లేదు. పసిపిల్లల చదువు హక్కు పుట్టింది కాలేజీ యాజమాన్యాల ఫీజుల తగాదాలో.

జీవన్ రెడ్డి చేసిన పని మోహిని జైన్ తీర్పును నిలువునా రెండుగా కోయడం. చదువు 21వ అధికరణలో భాగమే, కానీ ఎంతవరకు? దానికి కొలబద్ద కోసం ఆయన నాలుగో భాగంలోకే వెళ్లారు. 45వ అధికరణ పద్నాలుగేళ్ల దాకా అంటోంది కాబట్టి అంతవరకు హక్కు పూర్తిది, షరతుల్లేనిది. ఆ పైన చదువు గురించి 41వ అధికరణ మాట్లాడుతోంది, అది ‘రాజ్యం ఆర్థిక సామర్థ్యం, అభివృద్ధి పరిమితుల్లో’ అంటోంది. కాబట్టి ఇంజనీరింగైనా మెడిసినైనా ఆ పరిమితులకు లోబడే. 41వ అధికరణను నాలుగో భాగంలోంచి మూడో భాగంలోకి మార్చడం లేదని, 21లో ఉన్న హక్కు ఎంతటిదో తెలుసుకోవడానికి మాత్రమే దాని సాయం తీసుకుంటున్నానని ఆయన జాగ్రత్తగా రాసుకున్నారు. ఆ జాగ్రత్త 37వ అధికరణ కోసం. ఇక్కడ ఆదేశిక సూత్రం హక్కును పెంచడమే కాదు, హద్దు కూడా గీసింది. పొంతన అన్న మాటకు ఇంతకంటే కచ్చితమైన ఉదాహరణ దొరకడం కష్టం.

ఇక గడువు సంగతి. ఆదేశిక సూత్రాల్లో గడువున్నది దీనికొక్కదానికే అన్న విషయాన్ని ఆయన బరువైన కారణంగా వాడుకున్నారు. పదేళ్ల గడువుకు నాలుగు రెట్లకు పైగా కాలం గడిచాక కూడా అది అమలు చేయించుకోలేని బాధ్యతగానే మిగులుతుందా అని అడిగారు. ప్రాథమిక విద్యను పక్కన పెట్టి ఉన్నత విద్యకు ఎక్కువ ఖర్చు పెట్టే ధోరణిని తప్పుపట్టారు. బెంచిలోనే ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎం. శర్మ, జస్టిస్ భరూచా 45వ అధికరణ చెప్పే ప్రాథమిక విద్య ప్రాథమిక హక్కా కాదా అన్నది ఈ కేసులో తేల్చనక్కర్లేదని విడిగా రాశారు. అంతకు మించి వెళ్లడం వాళ్లకు ఇష్టంలేకపోయింది.

అదే తీర్పు ప్రైవేటు కాలేజీల సీట్లను సగం ఫ్రీ, సగం పేమెంట్ అని చీల్చింది. తొంభైల్లో ఎంసెట్ రాసినవాళ్లకు పేమెంట్ సీటు అన్న మాటతో ఎంత టెన్షన్ ముడిపడి ఉందో చెప్పనక్కర్లేదు. ఆ స్కీము ఎక్కువ కాలం నిలవలేదు. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండు మంది బెంచి దాన్ని రద్దు చేసింది. ఒకరి ఫీజుతో ఇంకొకరి చదువు నడపమనడం యాజమాన్యం హక్కుకు భంగమని తేల్చింది. 1958 నాటి ఖర్చెవరిదన్న ప్రశ్న మళ్లీ వచ్చిందన్నమాట. ప్రాథమిక విద్య హక్కేనన్న భాగాన్ని మాత్రం ముట్టుకోలేదు.

హక్కు అయ్యాక తగ్గిన వయసు

2002 డిసెంబరులో పార్లమెంటు 86వ సవరణ చేసి, చదువును ప్రాథమిక హక్కుగా రాసిన 21ఏ అధికరణను చేర్చింది. మామూలుగా దీన్ని ఉన్నికృష్ణన్ తీర్పుకు దక్కిన విజయంగా రాస్తుంటారు. సగం నిజమే. జాగ్రత్తగా చదివితే రెండు మెలికలు కనిపిస్తాయి. పాత 45వ అధికరణ పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరూ అంది, కింద వయసు హద్దు లేదు. ఉన్నికృష్ణన్ కూడా అదే తీసుకుంది. 21ఏ మాత్రం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే అంది. ఆరేళ్లలోపు పిల్లలను కొత్తగా రాసిన 45వ అధికరణలోకి, అంటే తిరిగి కోర్టు అమలు చేయలేని భాగంలోకి పంపేసింది. ఇక గడువు మాట కూడా లేదు. రెండో మెలిక, ‘చట్టం ద్వారా రాజ్యం నిర్ణయించిన పద్ధతిలో’ అన్న మాట. ఆ చట్టం 2009లో వచ్చి, అధికరణతో పాటు 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. సవరణకూ అమలుకూ మధ్య ఏడేళ్లు పోయాయి.

విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) సెక్షన్ ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో కనీసం 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలంటుంది. ఆ ఖర్చును ప్రభుత్వం తను పిల్లవాడి మీద పెట్టే ఖర్చు మేరకు గానీ, స్కూలు ఫీజు మేరకు గానీ, రెండింటిలో ఏది తక్కువైతే అంత తిరిగి చెల్లించాలి. స్కూళ్లు 19(1)(జి) కింద వృత్తి స్వేచ్ఛ హక్కుతో సవాలు చేశాయి. 2012లో సుప్రీంకోర్టు 2-1 మెజారిటీతో సెక్షన్‌ను సమర్థించింది. ప్రభుత్వ సాయం తీసుకోని మైనారిటీ స్కూళ్లను మాత్రం మినహాయించింది. 2014లో ప్రమతి కేసులో ఐదుగురి బెంచి ఇంకో అడుగు వేసి, సాయం తీసుకునే మైనారిటీ స్కూళ్లకు కూడా ఈ చట్టం వర్తించదంది. ఇందులో కేరళ బిల్లు నాటి తర్కం వినిపిస్తుంది. కానీ ఒక తేడా ఉంది. అప్పుడు ఘర్షణ హక్కుకూ ఆదేశిక సూత్రానికీ మధ్య. ఇప్పుడు 21ఏకూ 30కీ, అంటే హక్కుకూ హక్కుకూ మధ్య. అయినా పిల్లల హక్కే తగ్గింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి ప్రమతి తీర్పు సరైనదేనా అన్న సందేహంతో విషయాన్ని పెద్ద బెంచికి పంపాలని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

కింది స్థాయిలో పరిస్థితి మరోలా ఉంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఆ 25 శాతం నిబంధన ఏళ్ల తరబడి కాగితం మీదే ఉండిపోయింది. తేడా ఏమిటంటే ఇప్పుడు తల్లిదండ్రులు హైకోర్టుకు వెళ్లి ప్రభుత్వాన్ని నిలదీయగలరు. 1960లో గడువు దాటినప్పుడు ఆ అవకాశం లేదు.

మూడేళ్ల నుంచి ఆరేళ్లలోపు పిల్లలకు మాత్రం ఇప్పటికీ లేదు. వాళ్ల ప్రీ స్కూలు చదువుకు ప్రభుత్వం చేసే ఏర్పాట్ల గురించి విద్యాహక్కు చట్టంలో మాట్లాడేది పదకొండో సెక్షన్. ప్రభుత్వం అవసరమైన ఏర్పాట్లు ‘చేయవచ్చు’ అని అందులో రాశారు. ‘చేయాలి’ అని రాయలేదు.